రెండేసి చొప్పున చూస్తే సరిపోదు

మిత్రులకు నమస్కారం.

మీ వ్యాసం చదివాను. భాష శుభ్రంగా ఉంది. అయితే, "(1, 2, 1), (2, 1, 3), (4, 5, 5) అనే సదిశల్లో ఏదీ మరొకదానికి గుణిజం కాదు, కనుక ఈ మూడూ రేఖీయ స్వతంత్రాలు" అన్న వాక్యం నాకు కోపం తెప్పించింది. ఈ ఉత్తరం దాని కోసమే. బొమ్మల గురించి, పారితోషికం గురించి మీరడిగినవి ప్రస్తుతానికి అలా ఉండనివ్వండి.

స్వతంత్రాలంటే, ఏ ఒక్కదాన్నీ మిగతావాటిని సంఖ్యలతో గుణించి కలిపి రాబట్టలేమని; ఒక్కదాన్నైనా అలా రాబట్టగలిగితే అవి పరాధీనాలు. రెండు సదిశలకైతే మీ పరీక్ష చాలు. మూడోది వచ్చాక మాత్రం, మొదటి రెండూ కలిసి మూలబిందువు గుండా ఏర్పరచే తలంలోనే అది ఉందా, బయటికి వచ్చిందా అని చూడాలి. మొదటి సదిశను రెట్టింపు చేసి రెండోదాన్ని కలిపితే మీ మూడోది అచ్చంగా వస్తుంది. అంటే మూడూ 5x − y − 3z = 0 అనే తలంలోనే ఉన్నాయి; వాటిని ఏ సంఖ్యలతో గుణించి ఎలా కలిపినా ఆ తలం బయట ఒక్క బిందువునైనా చేరలేవు.

ఈ సంబంధం కంటికి కనబడకపోతే సదిశలను అడ్డువరుసలుగా రాసి కుదించండి. రెండో వరుస నుంచి మొదటిదానికి రెట్టింపు తీసేస్తే (0, −3, 1), మూడోదాని నుంచి నాలుగు రెట్లు తీసేస్తే మళ్ళీ (0, −3, 1) వస్తాయి. వీటిలో ఒకదాని నుంచి మరొకటి తీసేస్తే సున్నా వరుస మిగులుతుంది. చేసిన పనులను వెనక్కి చదివితే, మూడోది = 2 × మొదటిది + రెండోది అన్న సంబంధం దానంతటదే బయటపడుతుంది. ఆ వరుసల్లోని అంకెలన్నిటి నుంచి లెక్కకట్టే నిర్ధారకం అనే ఒక్క సంఖ్య ఇంత చెప్పదు. సున్నా అని తేల్చి ఊరుకుంటుంది, పైగా మూడు నిరూపకాలున్న సదిశలు రెండే ఉంటే దాన్ని కట్టడానికే వీలుండదు. ఒకప్పుడు ఒక సంపాదకుడు నా వ్యాసంలో ఈ కుదింపునంతా కొట్టేసి, "పాఠకులకు ఓపిక ఉండదు" అంటూ నిర్ధారకం సూత్రం ఒక్కటే అచ్చువేశాడు. సున్నా ఎందుకొచ్చిందో తెలియని పాఠకుడికి ఆ సూత్రంతో ఏం పని?

నిర్ధారకం చిన్నదైతే సదిశలు "దాదాపు పరాధీనాలు" అని మీరు రాసింది కూడా నిలవదు. మూడు అక్షాల మీద 0.1 పొడవున్న సదిశలను తీసుకుంటే అవి పరస్పరం లంబంగానే ఉంటాయి, నిర్ధారకం మాత్రం 0.001. సదిశల పొడవులను లెక్కలోకి తీసుకోకుండా ఆ సంఖ్య చిన్నదో పెద్దదో చెప్పలేం.

చివరి పేరాలో, పరాధీనమైతే ప్రతి సదిశనూ మిగతావాటితో రాయవచ్చన్నారు. (1, 0, 0), (2, 0, 0), (0, 1, 0) పరాధీనాలే. అయినా మొదటి రెండింటితో మూడోదాన్ని రాసి చూపండి. కనీసం ఒకదాన్ని రాయగలం అన్నదే నిజం. ఈ మూడు చోట్లా సరిదిద్ది పంపితే మళ్ళీ చదువుతాను.