షరతులతో అంగీకరిస్తామన్న అండర్‌రైటర్ లేఖకు ఏమని జవాబు రాయాలి?

ప్రశ్న: బెంగళూరులో ఉంటున్నాను. కోటి రూపాయల టర్మ్ పాలసీకి ప్రపోజల్ ఇచ్చి మొదటి ప్రీమియం కట్టాను. ఇప్పుడు కంపెనీలో ప్రపోజళ్ల రిస్కును అంచనా వేసి నిర్ణయించే అండర్‌రైటర్ దగ్గర నుంచి లేఖ వచ్చింది. షుగర్ గురించి మరిన్ని వివరాలు కావాలట, అవి సంతృప్తికరంగా ఉంటే ఎక్కువ ప్రీమియం మీద పాలసీ ఇస్తారట. సమ్మతి పత్రం మీద సంతకం చేసి పంపమంటున్నారు. డబ్బు కట్టాను కాబట్టి పాలసీ వచ్చినట్టేనా? ముందు సంతకం పెట్టాలా, ముందు వివరాలు పంపాలా?

జవాబు:

మీ పాలసీ ఇంకా మొదలు కాలేదండీ. దయచేసి ఈ ఒక్క విషయం ఇంట్లో వాళ్లకు కూడా చెప్పండి. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 7వ సెక్షన్ ప్రకారం అంగీకారమనేది షరతులు లేకుండా, సంపూర్ణంగా ఉండాలి. మీరు అడిగింది ఒక ప్రీమియం మీద, వాళ్లు ఇస్తామంటున్నది మరొక ప్రీమియం మీద. కాబట్టి ఆ లేఖ మీ ప్రపోజల్‌కు అంగీకారం కాదు, కంపెనీ తిరిగి మీ ముందు పెట్టిన కొత్త ప్రతిపాదన. దానికి మీరు ఒప్పుకుని, తేడా సొమ్ము కట్టి, వాళ్లు రిస్కు స్వీకరించామని తెలియజేసిన తరువాతే ఒప్పందం కుదిరినట్టు.

కంపెనీ మన డబ్బు ఉంచుకుంది గదా అన్న వాదన నిలవదని సుప్రీంకోర్టు 1984లోనే తేల్చింది. ఆ కేసు మన ఆంధ్ర ప్రాంతం నుంచి వెళ్లిందే. 1960 డిసెంబరు చివరలో ఒకాయన యాభై వేల రూపాయలకు ఎల్‌ఐసీకి ప్రపోజల్ ఇచ్చి, మొదటి ప్రీమియం చెక్కులు ఇచ్చారు. చెక్కులు చెల్లాయి. 1961 జనవరి 12న ఆయన చనిపోయారు. అప్పటికి ప్రపోజల్ మీద నిర్ణయం జరగలేదు. ప్రీమియం తీసుకుని ఊరుకున్నంత మాత్రాన ప్రపోజల్‌ను అంగీకరించినట్టు కాదని కోర్టు చెప్పడంతో కుటుంబానికి ఆ సొమ్ము రాలేదు. సంతకాన్ని, చెల్లింపును నెలల తరబడి వాయిదా వేయకూడదని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. అయితే తొందరపడి వివరాల కంటే ముందు సంతకం పెట్టడం కూడా సరికాదు. నా అనుభవం ఆ రెండో తప్పుకు సంబంధించినది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

నేను మహదేవపురలో ఉంటాను. నలభై ఒకటో ఏట ఇంటి రుణం తీసుకున్నప్పుడు కోటి రూపాయల టర్మ్ పాలసీకి, దానితో పాటు తీవ్ర వ్యాధుల రైడర్‌కు, అంటే పాలసీకి జతగా తీసుకునే అదనపు రక్షణకు ప్రపోజల్ ఇచ్చాను. పాలసీకి ఏడాదికి 24,000, రైడర్‌కు 3,600, మొత్తం 27,600 రూపాయలు కట్టాను. ఫారంలో మధుమేహం ఉందా అన్న ప్రశ్నకు లేదని టిక్కు పెట్టాను. నిజంగానే లేదనుకున్నాను, ఎందుకంటే అంతకు ముందు డాక్టరు ‘బోర్డర్‌లైన్’ అన్న మాటే వాడారు. కంపెనీ పంపిన ల్యాబు మనిషి ఇంటికి వచ్చి రక్తం తీసుకెళ్లాక హెచ్‌బీఏ1సీ 6.9 వచ్చింది. ఈ పరీక్షలో 5.7 నుంచి 6.4 వరకు మధుమేహానికి ముందు దశ, 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటే మధుమేహం కింద లెక్క.

తరువాత రెండు పేజీల లేఖ వచ్చింది. మొదటి పేజీలో కావలసినవి రాశారు: మధుమేహం ప్రశ్నావళి, చూపించుకున్న డాక్టర్ల చీటీలు, మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు, ఇంతకు ముందు మరే కంపెనీ అయినా నా ప్రపోజల్‌ను తిరస్కరించిందా, వాయిదా వేసిందా అన్న ప్రశ్నకు జవాబు. ఆదాయం కాగితాలు ఎందుకని నాకు మొదట చిరాకు కలిగింది గానీ, బీమా మొత్తం సంపాదనకు తగినట్టుగా ఉందో లేదో చూడటం కూడా అండర్‌రైటర్ పనే. రెండో పేజీలో షరతులు ఉన్నాయి. రైడర్ ఇవ్వరు. పాలసీ మీద యాభై శాతం అదనపు మరణ రిస్కు కింద లోడింగ్, అంటే అదనపు ప్రీమియం వేస్తారు. దానివల్ల ప్రీమియం 24,000 నుంచి 34,800 అవుతుంది. సగం అంటే 12,000 పెరగాలి గదా అనిపిస్తుంది. అయితే ఈ లోడింగ్ ప్రీమియంలో మరణ రిస్కు భాగానికే పడుతుంది, ఖర్చుల భాగానికి పడదు. అందుకే నాకు పెరిగినది 10,800. రైడర్ సొమ్ము సర్దుబాటు చేయగా నేను ఇంకా 7,200 కట్టాలి.

అండర్‌రైటర్లు ఎప్పుడూ లోడింగే వేస్తారని లేదు. కొన్నిసార్లు మొదటి కొన్నేళ్లలో మరణం సంభవిస్తే పూర్తి మొత్తం కాక తగ్గించి ఇస్తామనే లియన్ షరతు పెడతారు, బీమా మొత్తాన్నే తగ్గిస్తారు, లేదా కొన్ని నెలలు ఆగి మళ్లీ రమ్మంటారు. లోడింగ్ వల్ల మన జేబుకు భారం పడుతుంది, లియన్ వల్ల కుటుంబానికి వచ్చే సొమ్ము తగ్గుతుంది. కాబట్టి మీ లేఖలో ఏది ఉందో, ఎంత కాలానికి ఉందో ముందుగా చూసుకోండి.

ఆ రెండో పేజీ పై వరుసలోనే, మొదటి పేజీలో అడిగిన వివరాలు సంతృప్తికరంగా అందడానికి లోబడి ఈ షరతులు అని ఉంది. నేను ఆ వరుసను మొదట దాటేసి అంకెల మీదకు వెళ్లిపోయాను. దాని అర్థం ఆ అంకెలు ఖాయం కాలేదని. మా ఏజెంటు అనంతపురం వారు, మంచి మాటకారి. ‘సార్, ఈ రోజే సమ్మతి మీద సంతకం పెట్టి 7,200 కట్టేయండి, ప్రశ్నావళి నేను నింపి పంపుతాను, మాత్రలు వాడినట్టు మాత్రం రాయొద్దు, బోర్డర్‌లైన్ అని రాస్తే సరిపోతుంది’ అన్నారు. సంతకానికి సిద్ధపడ్డాను కూడా. ఆ రాత్రి రిటర్నుల కోసం బీరువాలో కాగితాలు తీస్తుంటే, గ్యాసు బిల్లుల మధ్య మడత పెట్టి ఉన్న 2021 ఆగస్టు నాటి మందుల చీటీ కనిపించింది. మెట్‌ఫార్మిన్ 500 మిల్లీగ్రాములు, రోజుకు ఒకటి, మూడు నెలలకు. ఆ మాత్రలు వాడి, తరువాత నా అంతట నేనే మానేశాను. ఆ సంగతి నిజంగా మరిచిపోయాను.

మరుపు వేరు, కనిపించాక దాచడం వేరు. బీమా చట్టం, 1938లోని 45వ సెక్షన్ ప్రకారం, పాలసీ జారీ తేదీ, రిస్కు మొదలైన తేదీ, పునరుద్ధరణ తేదీ, రైడర్ తేదీ, వీటిలో ఏది చివరిదైతే దాని నుంచి మూడేళ్లు దాటాక కంపెనీ ఏ కారణం మీదా పాలసీని ప్రశ్నించలేదు. కానీ ఆ మూడేళ్లలోపు ముఖ్యమైన విషయం దాచారని తేలితే పాలసీని రద్దు చేయవచ్చు. ఆ క్లినిక్‌లో నా పేరుతో రికార్డు ఉంది. ఆ మూడేళ్లలో నాకేమైనా అయితే, విచారణకు వచ్చేవాళ్లకు నా భార్య జవాబు చెప్పుకోవలసి వచ్చేది, ఏజెంటు కాదు.

కాబట్టి ప్రశ్నావళిని నేనే నింపి, దానితో ఒక లేఖ జతచేశాను. ఇంగ్లిషులో రాసిన ఆ లేఖ సారం ఇది: ‘ప్రపోజల్ ఫారంలో మధుమేహం గురించిన ప్రశ్నకు లేదని ఇచ్చిన జవాబును సవరిస్తున్నాను. 2021 ఆగస్టులో డాక్టరు నాకు మెట్‌ఫార్మిన్ 500 మిల్లీగ్రాములు రాశారు. మూడు నెలలు వాడి, సలహా అడగకుండా మానేశాను. చీటీ నకలు జతచేస్తున్నాను. మీ పరీక్ష ఫలితం వచ్చాక ఈ నెలలో మరొక డాక్టరును కలిశాను, మళ్లీ మందు మొదలుపెట్టారు. ఆ చీటీ కూడా జతచేస్తున్నాను. ఈ వివరాలు చూశాక తుది షరతులు తెలియజేయండి, వాటి మీద నా నిర్ణయం చెబుతాను.’ కొత్త డాక్టరు సంగతి కూడా కావాలనే రాశాను. ప్రపోజల్ ఇచ్చిన నాటి నుంచి రిస్కు స్వీకరించే నాటి వరకు ఆరోగ్యంలో వచ్చే ప్రతి మార్పునూ చెప్పే బాధ్యత మనదే. సాధారణంగా ఫారం చివర డిక్లరేషన్‌లోనే ఆ మాట ఉంటుంది, మీ ఫారంలో వెతకండి.

పన్నెండో రోజున రెండో లేఖ వచ్చింది. లోడింగ్‌ను యాభై నుంచి డెబ్బై ఐదు శాతానికి పెంచారు. అదనం 16,200 అయింది, మొత్తం ప్రీమియం 40,200. కట్టవలసిన తేడా 7,200 కాస్తా 12,600 అయింది. నిజం రాసినందుకు ఏడాదికి 5,400 ఎక్కువ పడింది. బాధ కలగలేదని చెప్పను. అయితే ఈ లేఖలో ‘లోబడి’ అన్న మాట లేదు, నేను చెప్పిన విషయాలన్నీ చూసి ఇచ్చిన అంకె అది.

తగ్గించమని అడగవచ్చా అంటే, అడగవచ్చు. ఏ కారణానికి ఎంత లోడింగ్ వేశారో రాతపూర్వకంగా అడిగితే నాకు చెప్పారు. కానీ వారం రోజుల్లో మళ్లీ పరీక్ష చేయించి పంపడం వల్ల ప్రయోజనం ఉండదు. హెచ్‌బీఏ1సీ గడిచిన రెండు మూడు నెలల సగటును చూపుతుంది కాబట్టి, మందు వాడి మూడు నెలలు ఆగాకే ఆ అంకెలో మార్పు కనిపిస్తుంది. ఆగడమా, ఇప్పుడే తీసుకోవడమా అన్నది మీ ఇంటి పరిస్థితిని బట్టి నిర్ణయించుకోవాలి. నాకు ఇంటి రుణం ఉంది, ఇద్దరు చిన్నపిల్లలున్నారు, మరే పాలసీ లేదు. అందుకని లేఖలో ఇచ్చిన గడువులోపే సమ్మతి మీద సంతకం పెట్టి, తేడా సొమ్ము అదే రోజు కట్టాను. మీకు ఇప్పటికే సరిపడా వేరే బీమా ఉంటే మూడు నెలలు ఆగడంలో తప్పు లేదు. అప్పుడు మాత్రం తరువాతి ప్రపోజల్‌లో ఈ సంగతి అడిగితే దాచకూడదు. లోడింగ్ తరువాత తగ్గుతుందని ఎవరైనా నోటిమాటగా చెబితే నమ్మకండి, అది పాలసీ పత్రంలో ఉంటేనే లెక్క.

సమ్మతి పత్రంలో కూడా ఒక జాగ్రత్త అవసరం. నాకు పంపిన దానిలో ప్రీమియం గడి ఖాళీగా ఉంది. అందులో 40,200 అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి, రెండో లేఖ తేదీ వేసి, రైడర్ లేదని రాసి, ఆ తరువాతే సంతకం చేశాను.

పాలసీ పత్రం వచ్చాక, నచ్చకపోతే దాన్ని తిరిగి ఇచ్చేయడానికి ఇప్పుడు ముప్పై రోజుల ఫ్రీలుక్ గడువు ఉంటుంది. ఆ రోజుల్లో నేను చూసింది ప్రధానంగా ఒక్కటే, పత్రంతో పాటు జతచేసిన నా ప్రపోజల్ నకలు. అందులో మధుమేహం లేదన్న పాత టిక్కు అలాగే ఉంది. నేను పంపిన ప్రశ్నావళి, సవరణ లేఖ జతచేయలేదు. అవి కూడా ప్రపోజల్‌లో భాగమేనని ధ్రువీకరించమని ఈమెయిల్ రాశాను. రెండుసార్లు గుర్తుచేశాక అవును, రికార్డులో చేర్చామని జవాబు వచ్చింది. ఆ ఈమెయిల్‌ను ముద్రించి, మందుల చీటీ నకలుతో కలిపి పాలసీ పత్రానికి పిన్ను చేసి, బీరువాలో ఏ అరలో ఉందో నా భార్యకు చూపించాను.