ముందు మెథడ్ లైను, తర్వాతే వాదన లైను

ప్రశ్న: ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ మొదటి ఏడాది చేస్తున్నాను. మా గైడ్ కనీస వేతనాల మీద 32 జర్నల్ ఆర్టికల్స్ లిస్టు ఇచ్చి, ఒక్కోదానికి వాదన మీద ఒక లైను, మెథడ్ మీద ఒక లైను చొప్పున అనొటేటెడ్ బిబ్లియోగ్రఫీ తయారుచేయమన్నారు. పదకొండు రాసి చూపిస్తే, “ఇవన్నీ అబ్‌స్ట్రాక్ట్‌కి అబ్‌స్ట్రాక్ట్‌లా ఉన్నాయి, మళ్లీ రాయండి” అన్నారు. ఒక్క లైనులో అంతకంటే ఏం చెప్పగలం? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు అబ్‌స్ట్రాక్ట్ ముందు పెట్టుకుని రాస్తున్నారని నా అనుమానం. అలా రాసినంతకాలం దాని కుదింపే వస్తుంది. అబ్‌స్ట్రాక్ట్ ఆ రచయిత తన పనిని తాను పరిచయం చేసుకోవడానికి రాసుకున్నది. మీ గైడ్ అడుగుతున్నది వేరు. ఈ ఆర్టికల్ ఏమంటోంది, ఏం చేసి అలా అనగలిగింది, లిస్టులో పక్కనున్నదానితో ఎక్కడ తేడా పడుతోంది అన్నది ఆయన మీ రెండు లైన్లు చూసి తెలుసుకోవాలి.

అందుకని వరుస మార్చండి. మెథడ్ లైను ముందు రాయండి, వాదన లైను తర్వాత. చాలామంది దీనికి ఎదురు చేస్తారు, అక్కడే దెబ్బ తింటారు. ఎందుకో మీ లిస్టులో తప్పకుండా ఉండి ఉండే ఒక ఆర్టికల్‌తోనే చూద్దాం. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ 1994లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో రాసినది, న్యూజెర్సీ ఫాస్ట్‌ఫుడ్ షాపుల మీద.

దీనికి మొదటిసారి సాధారణంగా వచ్చే లైను ఇలా ఉంటుంది: “ఈ ఆర్టికల్ కనీస వేతనానికి, ఉపాధికి ఉన్న సంబంధాన్ని చర్చిస్తుంది.” దీన్ని ఎవరైనా “కాదు” అనగలరా? అనలేరు. కాదనడానికి ఏమీ లేని లైను టాపిక్ చెబుతోంది, వాదన చెప్పడం లేదు. ఇది గుర్తుపట్టి కాస్త ధైర్యం చేస్తే రెండో లైను వస్తుంది: “కనీస వేతనం పెంచితే ఉద్యోగాలు తగ్గవు.” దీన్ని కాదనవచ్చు, కాబట్టి ఇది వాదనే. కానీ కార్డ్, క్రూగర్ అంత మాట అనలేదు. ఎక్కడైనా, ఎంత పెంచినా అని వాళ్లు చెప్పలేదు. ఈ రెండో తప్పు మొదటిదానికంటే ప్రమాదం. చదవడానికి బాగుంటుంది కాబట్టి ఎవరూ పట్టుకోరు, చివరికి థీసిస్‌లోకి కూడా అలాగే వెళ్లిపోతుంది.

ఇప్పుడు మెథడ్ వైపు నుంచి రండి. ఆర్టికల్ తెరిచి మూడు విషయాలు మాత్రమే వెతకండి: సమాచారం ఎవరి దగ్గర నుంచి వచ్చింది, దేన్ని దేనితో పోల్చారు, చివరికి కొలిచింది ఏమిటి. ఇవి అబ్‌స్ట్రాక్ట్‌లో అన్నీ దొరకవు. డేటా సెక్షన్ మొదటి రెండు పేరాల్లోనూ, టేబుళ్ల కింద చిన్న అక్షరాల్లో ఉండే నోట్స్‌లోనూ ఉంటాయి. ఆ నోట్స్ ఎవరూ చదవరు గానీ, శాంపిల్ ఎంత, ఎవరిని వదిలేశారు అన్న నిజాలు ఎక్కువగా అక్కడే బయటపడతాయి. ఈ ఆర్టికల్‌లో దొరికేది ఇది: మొత్తం 410 షాపులు. 1992 ఏప్రిల్‌లో న్యూజెర్సీ కనీస వేతనం గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెరిగింది. దానికి కొద్ది వారాల ముందు ఒకసారి, ఆ ఏడాది చివర్లో మరోసారి సర్వే చేశారు. పోలిక వేతనం మారని తూర్పు పెన్సిల్వేనియాతో. కొలిచింది షాపుకు ఎంతమంది ఉద్యోగులన్నది, పార్ట్‌టైమ్ వాళ్లను సగం మందిగా లెక్కకట్టి.

అప్పుడు మెథడ్ లైను దానంతట అదే వస్తుంది:

“వేతన పెంపుకు ముందూ తర్వాతా 410 ఫాస్ట్‌ఫుడ్ షాపులను సర్వే చేసి, న్యూజెర్సీలో ఉద్యోగుల సంఖ్యలో వచ్చిన మార్పును పెంపు లేని తూర్పు పెన్సిల్వేనియాలోని మార్పుతో పోల్చారు (డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్).”

ఇది రాసుకున్నాక వాదన లైను హద్దు దాటదు. రెండు రాష్ట్రాలు, ఒక రంగం, ఏడాదిలోపు సమయం అని పైలైనులోనే కనబడుతోంది కదా:

“1992 పెంపు తర్వాత న్యూజెర్సీ ఫాస్ట్‌ఫుడ్ షాపుల్లో ఉద్యోగాలు తగ్గాయనడానికి ఆధారం కనిపించలేదు; పోటీ మార్కెట్ మోడల్ చెప్పిన ఫలితం ఇక్కడ రాలేదు.”

“ఆధారం కనిపించలేదు” అనడానికీ “తగ్గలేదు” అనడానికీ తేడా ఉంది. రచయిత ఎంత గట్టిగా చెప్పాడో మీరూ అంతే గట్టిగా చెప్పండి. ఒక్క లైనే కదా అని ఇలాంటి మాటలను ఎగరగొడితే అర్థమే మారిపోతుంది. కుదించాల్సి వస్తే “ఈ అధ్యయనంలో రచయితలు” లాంటి మాటలు తీసేయండి, వాటివల్ల ఏ నష్టమూ లేదు.

ఇక రెండో ఆర్టికల్ పక్కన పెడితే అసలు విషయం తెలుస్తుంది. 2000లో అదే జర్నల్‌లో డేవిడ్ న్యూమార్క్, విలియం వాషర్ దీనికి స్పందన రాశారు. అవే రెండు రాష్ట్రాలు, అదే వేతన పెంపు, అదే డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్. ఫలితం మాత్రం తలకిందులు: పెన్సిల్వేనియాతో పోలిస్తే న్యూజెర్సీలో ఫాస్ట్‌ఫుడ్ ఉపాధి సుమారు 4 శాతం తగ్గింది. మీరు మెథడ్ లైనులో రెండింటికీ “డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్” అని మాత్రమే రాశారనుకోండి. ఒకే పని చేసి ఇద్దరూ రెండు ఫలితాలు తెచ్చారని చదివేవాళ్లు జుట్టు పీక్కుంటారు. అసలు తేడా సమాచారం దగ్గర ఉంది. న్యూమార్క్, వాషర్ కార్డ్, క్రూగర్‌లా షాపు మేనేజర్లను అడిగి తెలుసుకోలేదు, షాపుల జీతాల రికార్డులు తీసుకున్నారు. అంటే తలకాయలు లెక్కపెట్టే బదులు పని గంటల లెక్క చూశారు. కాబట్టి లైను ఇలా ఉండాలి: “కార్డ్–క్రూగర్ పోలికనే, సర్వేకు బదులు షాపుల జీతాల రికార్డుల్లోని పని గంటలతో మళ్లీ చేశారు.”

ఇందులో “కార్డ్–క్రూగర్ పోలికనే” అన్న ముక్క చూశారా? మీ గైడ్‌కి కావలసింది అదే అని నేను అనుకుంటున్నాను. ఏ ఆర్టికల్ ఏ ఆర్టికల్‌కి జవాబో తెలిస్తే, ఆ సంగతి మెథడ్ లైనులోనే పెట్టేయండి. అదే సంవత్సరం కార్డ్, క్రూగర్ ప్రభుత్వం దగ్గరున్న యజమానుల ఉపాధి రికార్డులతో మరో జవాబు ఇచ్చారు. మొత్తం ఉపాధి మీద ప్రభావం బహుశా లేదన్నారు, జీతాల రికార్డుల శాంపిల్ ఎంపికనూ ప్రశ్నించారు. ఎవరిది ఒప్పు అన్న తీర్పు మీ బిబ్లియోగ్రఫీలో వద్దు. దానికి లిటరేచర్ రివ్యూ చాప్టర్ ఉంది.

అరింద్రజిత్ దూబే, విలియం లెస్టర్, మైకేల్ రైక్ 2010లో రాసిన ఆర్టికల్‌లో పోలికే మారింది. రాష్ట్ర సరిహద్దుకు అటూ ఇటూ ఆనుకుని ఉన్న కౌంటీలను జంటలుగా తీసుకుని, దేశమంతటా అలాంటి జంటలను కొన్నేళ్లపాటు పోల్చారు. సంపాదన పెరిగింది, ఉద్యోగాలు తగ్గిన జాడ లేదు. దీని మెథడ్ లైనులో “ఆనుకుని ఉన్న సరిహద్దు కౌంటీల జంటలు” అన్న మాట లేకపోతే మిగతాదంతా ఉన్నా లేనట్టే.

డేటాతో నడవని ఆర్టికల్స్ దగ్గర మీకు చెయ్యి ఆగుతుంది. జార్జ్ స్టిగ్లర్ 1946 ఆర్టికల్ అలాంటిది. మెథడ్ గడిలో “లేదు” అని మాత్రం రాయకండి. తర్కం కూడా మెథడే, ఏ ఊహల మీద నిలబడిందో చెప్పండి: “ప్రధానంగా సిద్ధాంత తర్కం; పోటీ ఉన్న లేబర్ మార్కెట్‌ను, వేతనం యజమాని చేతిలో ఉన్న మార్కెట్‌ను విడివిడిగా పరిశీలిస్తుంది.” వాదన: “యజమాని చేతిలో వేతనం ఉన్నచోట జాగ్రత్తగా నిర్ణయించిన కనీస వేతనం ఉపాధిని పెంచవచ్చు, కానీ పనిని బట్టి, కాలాన్ని బట్టి మారే ఆ సరైన స్థాయిని దేశమంతటికీ ఒకే చట్టం పట్టుకోలేదు.” రివ్యూ ఆర్టికల్ అయితే ఏ అధ్యయనాలను, ఏ లెక్కన ఎంచుకున్నారన్నదే మెథడ్.

నేను చదువుకునే రోజుల్లో ఒక పొరపాటు చేశాను, మీకు పనికొస్తుంది. ఒక ఆర్టికల్‌కి వర్కింగ్ పేపర్ దొరికితే దాన్నే చదివి లైన్లు రాసి, పైన మాత్రం జర్నల్ వివరాలు పెట్టాను. జర్నల్‌లో వచ్చేసరికి శాంపిల్ తగ్గింది, ప్రధాన అంకె మారింది. వైవాలో పరీక్షకుడు జర్నల్ కాపీ తెరిచి అడిగితే నా దగ్గర సమాధానం లేదు. ఏ వెర్షన్ చదివారో ఆ వెర్షన్‌నే పేర్కొనండి. మీ సొంత ఫైల్లో మూడో గడి ఒకటి పెట్టుకుని, వాదన ఏ పేజీలో దొరికిందో రాసుకోండి. సబ్‌మిట్ చేసేటప్పుడు ఆ గడి తీసేయవచ్చు.

ఇది ఎక్సెల్ షీట్‌లో చేసుకుంటే నయం. చివర్లో అక్షర క్రమంలో పెట్టాల్సి వచ్చినా, పని జరుగుతున్నంతకాలం పోలిక రకాన్ని బట్టి సార్ట్ చేసుకోండి. ఒకే రకం పోలిక ఉన్నవి ఒకదాని కింద ఒకటి వచ్చినప్పుడు ఏ లైను పలచగా ఉందో కంటికే తెలిసిపోతుంది.

రాసేసిన పదకొండింటిని పారేయకండి. రచయితల పేర్లు, టైటిళ్లు దాచేసి మెథడ్ లైన్లు మాత్రమే చదవండి. ఏది ఏ ఆర్టికల్‌దో మీరే చెప్పలేకపోతే, లేదా రెండు లైన్లు అటూ ఇటూ మార్చినా తేడా రాకపోతే, వాటి డేటా సెక్షన్‌కి మళ్లీ వెళ్లాలి. వాదన లైన్లు సరిచేసేటప్పుడు పీడీఎఫ్ మూసేసి రాయండి, అంకెల కోసం మాత్రమే తెరవండి. ముందు ఒకదానికొకటి జవాబుగా వచ్చిన మూడు నాలుగు ఆర్టికల్స్ ఎంచుకుని, ఆ లైన్లు మాత్రమే గైడ్‌కి చూపించండి. ఆయన సరేనన్నాక మిగతావాటి జోలికి వెళ్లండి.