డ్రగ్ టెస్ట్ ముందు గసగసాల కూర తినొచ్చా?

ప్రశ్న: అమ్మ డల్లాస్ వచ్చింది. కోడికూరలో, పాయసంలో గసగసాలు దండిగా వేస్తుంది. వచ్చే వారం కొత్త ఉద్యోగానికి యూరిన్ టెస్ట్ ఉంది. నల్లమందు తిన్నట్టు వస్తుందని ఫ్రెండ్ భయపెడుతున్నాడు, నిజమేనా? మూడేళ్ల బాబుకి 15 కిలోల బరువు, వాడికి పెట్టొచ్చా?

జవాబు: మీ ఫ్రెండ్ చెప్పింది నిజమేనండి. టెస్టుకు మూడు రోజుల ముందు నుంచి గసగసాలు మానేయండి, టెన్షన్ ఉండదు. గసగసాలతో పాటు ఒంట్లోకి వెళ్లే మార్ఫిన్, అంటే నల్లమందులో ఉండే మత్తు పదార్థం, మామూలుగా రెండు రోజుల్లో మూత్రంలోంచి పోతుంది. మూడో రోజు జాగ్రత్త కోసం.

నేను ఇక్కడే ఒక ల్యాబ్‌లో పని చేస్తున్నాను. అందులో చేరేముందు నాకూ ఇదే జరిగింది. టెస్టుకు ముందు రోజు చుట్టాల గృహప్రవేశంలో గసగసాల కోడికూర, పైన పాయసం. తర్వాత ఒక డాక్టర్ ఫోన్ చేసి, ఏ మందులు వాడుతున్నారు, దగ్గు సిరప్ తాగారా అని మొదలుపెట్టారు. ఆయన్ని మెడికల్ రివ్యూ ఆఫీసర్ అంటారు. మొదటి స్క్రీనింగ్ మార్ఫిన్ జాతి ఏదో ఉందని మాత్రమే చెబుతుంది, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేదు. రెండో పరీక్షలో నాకు మార్ఫిన్ మిల్లీలీటరుకు 600 నానోగ్రాముల పైచిలుకు, నల్లమందులోనే ఉండే కోడీన్ కొంచెం వచ్చాయి. హెరాయిన్ ఒంట్లో విరిగినప్పుడు వచ్చే 6-ఎసిటైల్ మార్ఫిన్ లేదు. చివరికి నెగెటివ్‌గానే తేల్చారు కానీ జాయినింగ్ వెనక్కి జరిగింది.

అసలు చిక్కు కటాఫ్ దగ్గర, అంటే ఎంత దాటితే పాజిటివ్ అంటారో ఆ అంకె దగ్గర ఉంది. అమెరికా ఫెడరల్ ఉద్యోగాల టెస్టుల్లో ఈ గింజల గొడవ వల్లనే 1998లో కటాఫ్‌ని 300 నుంచి 2000కి పెంచారు. నా 600 అక్కడైతే లెక్కలోకే రాదు. కొన్ని ప్రైవేటు కంపెనీలు, ఆసుపత్రులు ఇప్పటికీ 300 దగ్గరే ఉన్నాయి. మీ కంపెనీ ఏది వాడుతుందో ముందే అడగండి. ట్రక్కు డ్రైవర్ల లాంటి రవాణా ఉద్యోగాల్లో 15,000 దాటితే మాత్రం గసగసాలు తిన్నానంటే ఒప్పుకోరు. మామూలు కూరతో అంత రావడం కష్టం.

గింజ లోపల మార్ఫిన్ దాదాపు ఉండదు. అది కాయ గోడలోని పాలలో ఉంటుంది, ఆ పాలు కోతప్పుడు గింజల పైన అంటుకుంటాయి. అందుకే ఒక ప్యాకెట్‌కీ ఇంకో ప్యాకెట్‌కీ పొంతన ఉండదు. అదే కారణంగా కడిగితే చాలావరకు పోతుంది. మనవాళ్లు గసగసాలు వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లతోనే కొబ్బరి కలిపి రుబ్బేస్తారు కదా, అప్పుడు వచ్చిందంతా కూరలోకే వెళ్తుంది. రెండుసార్లు కడిగి, నానిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో రుబ్బమనండి. ఆ నీళ్లు ఎవరూ తాగకూడదు. కిలోల కొద్దీ గింజలు కడిగిన నీళ్లు తాగి అమెరికాలో ప్రాణాలు పోయిన సంఘటనలు ఉన్నాయి. దోరగా వేయించడాన్ని మాత్రం నేను నమ్ముకోను.

ఇక టెస్టు సంగతి పక్కన పెట్టి, ఒంటికి ఇబ్బంది లేకుండా ఎంత తినొచ్చు అన్నదానికి యూరప్ లెక్క పనికొస్తుంది. ఒకేరోజు కిలో బరువుకి 10 మైక్రోగ్రాముల మార్ఫిన్ దాటకూడదని అక్కడి ఆహార భద్రతా సంస్థ చెప్పింది. షాపులో అమ్మే గింజల్లో గ్రాముకి 20 మైక్రోగ్రాములు మించకూడదని 2022 నుంచి రూలు. మీరు 60 కిలోలైతే 600 మైక్రోగ్రాములు, అంటే ఆ పరిమితిలో ఉన్న గింజలు 30 గ్రాములు. నలుగురి కూరలో రెండు టేబుల్ స్పూన్లు వేస్తే దాదాపు 18 గ్రాములు, మనిషికి ఐదు గ్రాముల లోపే. ఏ ఇబ్బందీ లేదు.

బాబు సంగతి వేరు. 15 కిలోలకి 150 మైక్రోగ్రాములు, అంటే ఏడున్నర గ్రాముల గింజలు. పాయసంలో పావు కప్పు, సుమారు 35 గ్రాములు వేసి నాలుగు గిన్నెలు చేస్తే, ఒక్క నిండు గిన్నెలోనే దాదాపు తొమ్మిది గ్రాములు. కడగకుండా చేస్తే వాడి హద్దు దాటినట్టే. కూరలో రెండు ముద్దలు పర్వాలేదు. పాయసం మాత్రం కడిగిన గింజలతో చేసి, రెండు చెంచాలు రుచి చూపించండి చాలు. పైగా అమెరికాలో గింజలకి యూరప్‌లా హద్దు లేదు కాబట్టి మీ ప్యాకెట్‌లో ఇంకా ఎక్కువ ఉండొచ్చు. పసిపిల్లలు నిద్రపోవాలని గసగసాల పాలు పట్టే అలవాటు మీ ఇంట్లో ఉంటే, అది మటుకు ఆపేయండి. శ్వాస మందగిస్తుంది.

ఇంకో మాట. అమ్మగారు తిరిగి వెళ్లేటప్పుడు దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో దిగే పనుంటే, మిగిలిన గసగసాలు, అవి కలిపిన మసాలా పొడి సూట్‌కేసులో పెట్టనివ్వకండి. ఆ రెండు చోట్లా వాటిని నిషేధించారు.