నొప్పి లేని ఆనెకాయ, మధ్యలో నల్ల మచ్చ: కార్న్ క్యాప్ వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 58. షుగర్ వచ్చి 12 ఏళ్లయింది. కొంతకాలంగా అరికాళ్లు మొద్దుబారినట్టుంటున్నాయి. కుడి బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు ఆనెకాయ కాసింది. ఈమధ్య దాని మధ్యలో నల్ల మచ్చ కనిపిస్తోంది. నొప్పి అసలు లేదు. కార్న్ క్యాప్ వేసుకోవచ్చా?

జవాబు: వద్దండి. బ్లేడుతో చెక్కుకోవడమూ వద్దు. కార్న్ క్యాప్‌లో ఉండే శాలిసిలిక్ యాసిడ్ గట్టిపడిన చర్మంతో పాటు చుట్టూ ఉన్న మంచి చర్మాన్నీ కరిగిస్తుంది. స్పర్శ తగ్గిన కాలికి ఆ మంట తెలియదు.

నొప్పి లేదని మీరు ధైర్యంగా ఉన్నట్టున్నారు. నాకు భయం అక్కడే. నరాలు బాగున్నవాళ్లు ఒకచోట ఒత్తిడి పడితే తెలియకుండానే అడుగు మార్చి వేస్తారు. మీకు ఆ హెచ్చరిక అందదు కాబట్టి ప్రతి అడుగూ అదే చోట పడుతుంది. చర్మం మందమవుతుంది, ఆ మందమే లోపలి కండను ఇంకా నొక్కుతుంది. చివరికి లోపల రక్తం చిమ్మి గడ్డకడుతుంది. మీకు కనిపిస్తున్న నల్ల మచ్చ చాలావరకు అదే అయివుంటుంది. ఆనెకాయ తీసి చూస్తే కింద పుండు ఉండటం మేము తరచూ చూస్తుంటాం.

ఒకటి రెండు రోజుల్లోనే డయాబెటిక్ ఫుట్ చూసే డాక్టర్‌ దగ్గరికి వెళ్లండి. అప్పటిదాకా నడక తగ్గించండి, ఇంట్లో కూడా వట్టి కాళ్లతో తిరగొద్దు. డాక్టర్ ఆనెకాయను పొరలుగా తీసి కింద ఏముందో చూస్తారు. 10 గ్రాముల మోనోఫిలమెంట్ అనే నైలాన్ పోగుతో స్పర్శను, పాదంలో నాడిని చూసి రక్తప్రసరణను పరీక్షిస్తారు. పుండు ఉంటే ఆయింట్‌మెంట్ ఒక్కటే సరిపోదు. ఆ చోట బరువు పడకుండా ప్రత్యేకమైన కట్టో బూటో వేయాల్సి ఉంటుంది. రోగులు మధ్యలో తీసి పక్కన పెట్టేది కూడా దాన్నే!

ఇకపై రోజూ రాత్రి మంచి వెలుతురులో పాదాలు చూసుకోండి. అరికాలి కింద అద్దం పెట్టండి, చూపు సరిగా ఆనకపోతే ఇంట్లోవాళ్లను చూడమనండి. వేళ్ల సందులు, మడమ అంచులు వదలొద్దు. చెప్పులు, బూట్లు వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి తడమండి. గుచ్చుకున్న మేకు సంగతి సాయంత్రం సాక్స్‌కు అంటిన రక్తం చూశాకే తెలిసినవాళ్లున్నారు. రెండు పాదాలనూ ముట్టుకుని పోల్చండి. పుండు లేకుండానే ఒక పాదం వేడిగా, ఎర్రగా వాచి ఉంటే ఎముకలు, కీళ్లు దెబ్బతింటూ ఉండొచ్చు. ఆ కాలు మోపకుండా వెంటనే డాక్టర్‌కు చూపించాలి.

పుండు చుట్టూ ఎరుపు పాకుతున్నా, చీము లేదా దుర్వాసన వచ్చినా, వేలు నల్లబడినా, చలిజ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. కారణం లేకుండా షుగర్ ఒక్కసారిగా పెరగడం కూడా లోపల ఇన్ఫెక్షన్‌కు గుర్తు కావచ్చు. జ్వరం లేదని మాత్రం నిశ్చింతగా ఉండొద్దు, షుగర్ ఉన్నవాళ్లలో కాలికి తీవ్రమైన ఇన్ఫెక్షన్ ఉన్నా ఒక్కోసారి ఒళ్లు వేడెక్కదు.