ఫ్లెక్సీ మీద ‘మాదిగ’, టీకొట్టు దగ్గర ‘మాదిగోడు’

ప్రశ్న: తిరుపతిలో దండోరా సభ ఉందంటే చాలు, పేరు వెనక ‘మాదిగ’ అని వాళ్ళే పెద్దక్షరాలతో ఫ్లెక్సీలు వేసుకుంటారు. అదే మాట నేనంటే అట్రాసిటీ కేసంటారు. ఒకే మాటకు రెండు న్యాయాలా?

జవాబు: ఒకే మాట అనుకోవడం దగ్గరే పొరపాటు ఉంది. ఫ్లెక్సీ మీద ఉండేది ‘మాదిగ’. టీకొట్టు దగ్గర వినబడేది ‘మాదిగోడు’, ‘మాదిగోడా’, ‘మాదిగ బుద్ధి’. మన చిత్తూరు, తిరుపతి వైపు రెడ్డి, నాయుడు, శెట్టి అనేవి పేరు చివర వచ్చి కూర్చుంటాయి, వెనకాలే ‘గారు’ వస్తుంది. మాదిగవాడకు మాత్రం ఊరు ఆ చోటే ఇవ్వలేదు. వెంకటయ్య అని పేరు పెట్టుకున్నా ఎంకటిగాడే అయ్యాడు. కులం పేరు ఆయన చెప్పుకునేది కాదు, ఎదుటివాళ్ళు ఆయన మీదికి విసిరేది.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మంద కృష్ణ, ఆయన తోటివాళ్ళు మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి మొదలుపెట్టినప్పుడు తిప్పింది సరిగ్గా ఈ వ్యాకరణాన్నే. విసిరే మాటను తీసుకెళ్ళి రెడ్డి, నాయుడు కూర్చునే కుర్చీలోనే కూర్చోబెట్టారు: కృష్ణ మాదిగ. ఉద్యమానికి జనంలో స్థిరపడిన పేరు ‘దండోరా’ కూడా అలాంటిదే. ఊరి కబురు డప్పు కొట్టి చాటడం మాదిగల మీద పెట్టిన వెట్టి. అదే డప్పు, అదే చాటింపు, ఈసారి సొంత కబురు.

అంతకుముందు చదువుకున్నవాళ్ళు ‘ఎస్సీ’ అనో, ‘ఆది ఆంధ్ర’ అనో చెప్పి మాట దాటేసేవాళ్ళు. ‘హరిజన’ అనేది మర్యాదగా పెట్టిన మాటే అయినా బయటినుంచి పెట్టింది. అందుకే అది అతకలేదు. మాట ఎంత మెత్తగా ఉందన్నది కాదు, పెట్టిందెవరన్నదే లెక్క.

ఇక మీకెందుకు చెల్లదంటారా? పేరు చివర ఆ మాట రాసుకున్నవాడు దాని ఖర్చు తనే భరిస్తాడు. ఫ్లెక్సీ మీద పెద్దక్షరాలతో వేసుకున్న మనిషే అద్దె ఇంటికి వెళ్ళి ‘మీరేమోళ్ళు?’ అని అడిగితే ఒక్క క్షణం ఆగుతాడు. నిజం చెబితే ఇల్లు రాకపోవచ్చు. మీరు ఆ మాట అని ఇంటికెళ్తే పోయేదేమీ లేదు. గంగమ్మ జాతరలో ‘తోటి’, అంటే ఊరి వెట్టివాడి, వేషం కట్టినవాళ్ళు సాయంత్రానికి రంగు కడుక్కుని ఎవరి కులంలోకి వాళ్ళు వెళ్ళిపోతారు చూడండి, అలా.

చట్టం సంగతి విడిగా చూడాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1) మొదలయ్యేదే ‘ఎస్సీ, ఎస్టీ కాని వ్యక్తి’ అని. అందులో (ఎస్) క్లాజు, జనం చూసే చోట కులం పేరుతో తిట్టడం గురించి. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ళు, జరిమానా. ‘కులం పేరే కదా అన్నాను’ అనే వాదన నిలవదు. 2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది: మాట పుట్టుక కాదు, ఈ రోజు జనం దాన్ని ఏ అర్థంలో వాడుతున్నారో చూడాలంది.

ఉదాహరణకు, బస్టాండు ముందర టీకొట్టులో ‘మాదిగ సంఘం మీటింగు ఎక్కడన్నా?’ అని అడిగితే తప్పేమీ లేదు. అక్కడే నలుగురి ముందు, గ్లాసు తగిలి టీ ఒలికిందని ‘ఏం రా మాదిగోడా’ అంటే కేసవుతుంది, డీఎస్పీ స్థాయి అధికారి విచారణకు వస్తాడు. అదే మాట నాలుగు గోడల మధ్య, బయటివాళ్ళెవరూ లేనప్పుడు అంటే ఈ క్లాజు కిందికి రావడం కష్టం. 2020లో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు ఆ గీత గీసింది. అయితే అవమానం గోడలు చూసి ఆగదు.

చాలామంది గమనించని మెలిక ఇంకొకటుంది. అదే తిట్టు ఒక మాల మనిషి తిడితే ఈ చట్టం వర్తించదు, ఆయనా ఎస్సీయే కాబట్టి. కానీ ‘మాదిగ’ అనే పేరు ఆయన సొంతమూ కాదు. చట్టం గీసిన గీత వేరు, మాట గీసిన గీత వేరు. కేసు పడలేదంటే మాట చెల్లిందని కాదు.

‘మా ఫ్రెండే, వాడేమీ అనుకోడు’ అనేవాళ్ళకు ఒక్క మాట. వాడనుకోకపోవచ్చు. పక్క బల్ల మీద కూర్చున్న ఇంకో మాదిగ కుర్రాడికి మీ స్నేహం తెలీదు, మాటే వినబడుతుంది.

పేరుగా వాడటానికి మాత్రం ఏ అడ్డూ లేదు. విజిటింగు కార్డు మీద ‘మాదిగ’ అని ఉంటే స్టేజీ మీద ఆ పేరు పూర్తిగా చదవండి, చివర ‘గారు’ చేర్చండి. కార్డు మీద లేకపోతే మీరు తగిలించకండి.