"రాత్రయితే కనబడవు" అన్నది జోకేనా?

మేడం, మాది నరసన్నపేట దగ్గర పల్లె. పెళ్ళయి విజయనగరం వచ్చాను. ఎనిమిది నెలల పాప ఉంది. సిరిమానోత్సవం రోజు కోట దగ్గర దిగిన ఫొటో అత్తవారి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మా పెద్దాడపడుచు "పగలు కాబట్టి జనంలో దొరికావు, రాత్రయితే కనబడవు" అని నవ్వే ఎమోజీలు పెట్టారు. తర్వాత "పాపకి తల్లి రంగు రాలేదు, అంతా పైడితల్లమ్మ దయ" అన్నారు. తోడికోడలు "ఒళ్ళు చూసుకో, థైరాయిడ్ టెస్ట్ చేయించు" అని రాసింది. మా ఆయనతో చెబితే "మీ అప్ప కర్రిగుంటా అంటే నవ్వుతావు, మా అక్క జోకేస్తే ఏడుస్తావా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. నేనే అతిగా ఆలోచిస్తున్నానా? ఫొటో దిగాలంటేనే టెన్షన్‌గా ఉంటోంది. రాతలో ముఖం కనబడదు కదా, అది వెటకారమో ప్రేమో ఎలా తెలుస్తుంది?
– ఒక చెల్లెలు, విజయనగరం

అమ్మా, ముందు మీవారి ప్రశ్న తీసుకుందాం. దానికి జవాబు దొరికితే మిగతాది చాలావరకు తేలిపోతుంది.

మన వైపు ఇళ్ళలో కర్రోడు, బక్కోడు, బొండాం అని పిలుచుకోవడం మామూలే. అలా పిలిచిన ప్రతిసారీ అవమానించినట్టు కాదు. మీ అప్ప పిలుపులో రంగు ఉంది కానీ, పిలిచాక ఆవిడ మాట్లాడేది రంగు గురించి కాదు. అన్నం తిన్నావా, పాపకి జలుబు తగ్గిందా అని అడుగుతుంది. మీరూ ఆవిణ్ణి ఏదో ఒకటి అని నవ్వగలరు. "అప్పా, అలా పిలవకు" అంటే మానేస్తుందన్న ధైర్యం మీకుంది. ఒకవేళ మానకపోతే, ఆ పిలుపు కూడా ముద్దు మాట కాకుండా పోతుంది. మీ ఆడపడుచుగారిని మీరు తిరిగి అదే మాట అనగలరా? ఆవిడ మీకంటే పెద్ద, పైగా భర్త అక్క. మీరంటే పెద్ద గొడవవుతుంది. ఒకరు అనొచ్చు, రెండోవారు అనకూడదు అన్నచోట దాన్ని ఇద్దరి మధ్య సరదా అనలేం.

ఇక రాత సంగతి. నవ్వే ఎమోజీని నమ్మకండి. రేపు ఎవరైనా అడిగితే "ఊరికే అన్నాను" అని తప్పుకోవడానికి అది చాలాసార్లు పనికొస్తుంది. దాని బదులు మెసేజ్‌లో రంగు, ఒళ్ళు గురించిన మాట తీసేసి, ఏం మిగిలిందో చూడండి. మొదటి మెసేజ్‌లో ఏమీ మిగలదు. మీరు పండగ ఫొటో పెట్టారు, రంగు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆవిడే ఎత్తారు, అందరి ముందూ ఎత్తారు. దాన్ని అవమానం అనడానికి నాకు సందేహం లేదు.

రెండోది గుర్తుపట్టడం కష్టం. అందులో ఒక్క చెడ్డ మాట లేదు, పైగా అమ్మవారి పేరుంది. ఇలాంటివి చదివినప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ వాక్యం సంతోషించదగ్గది కావాలంటే ముందు ఏం ఒప్పుకోవాలి? మీ రంగు ఒక గండమనీ, పాప దాన్నుంచి తప్పించుకుందనీ ఒప్పుకోవాలి. అదే అసలు మాట. "నల్లగా ఉన్నా కళగల ముఖం", "నీ ఒంటికి కూడా ఈ చీర నప్పింది" అనేవీ ఈ రకమే. పొగడ్తలాగే ఉంటాయి, కానీ కించపరచడం అందులోని "ఉన్నా", "కూడా" దగ్గర దాక్కుంటుంది. నాకు అన్నిటికంటే ఎక్కువ బెంగ ఈ మెసేజ్ మీదే. పుట్టినప్పుడు లేతగా ఉన్న పిల్లల రంగు నెలలు గడిచేకొద్దీ కాస్త ముదరడం మామూలు. అప్పుడు ఈ దయ గురించిన మాటే పాప మీదికి తిరుగుతుంది.

మూడోదాన్ని నేను ఇప్పుడే అవమానం అనను. కాన్పయిన మొదటి ఏడాదిలో కొందరికి థైరాయిడ్ ఇబ్బంది నిజంగానే వస్తుంది. మీకు బాగా నీరసంగా ఉన్నా, గుండె దడగా ఉన్నా డాక్టరుకి చెప్పండి. కానీ ఫొటో చూసి గ్రూపులో టెస్ట్ రాసిచ్చే ముందు, "నీకెలా ఉంది?" అని విడిగా అడగడం శ్రద్ధ ఉన్నవాళ్ళ పద్ధతి. "డాక్టరుకి చూపించాను అక్కా" అని ఒకసారి చెప్పండి. అక్కడితో ఆపితే ఆవిడది ఆరాటమే. తర్వాత కూడా ప్రతి ఫొటో కిందా ఒంటి మాటే వస్తే, ఆరోగ్యం సాకు అని అర్థం.

ఇంత చిన్న మాటలు ఇంత లోతుగా ఎందుకు దిగుతాయి? పులుసులో ఉప్పెక్కువైందంటే రేపు తగ్గించి వేస్తారు. తప్పు పనిలో ఉంది, దిద్దుకోవచ్చు. రంగు అలా కాదు. చర్మానికి రంగునిచ్చే కణాల సంఖ్య మనుషులందరిలో దాదాపు ఒకటే. అవి ఎంత మెలనిన్ తయారుచేస్తాయన్నది ప్రధానంగా పుట్టుకతో వస్తుంది, సున్నిపిండితో మారదు. మార్చుకోలేనిదాన్ని ఎత్తిచూపినప్పుడు "నేను తప్పు చేశాను" అనిపించదు, "నేనే తప్పు" అనిపిస్తుంది. దానికి తోడు గ్రూపులో మిగతావాళ్ళ మౌనం ఒప్పుకోలులా కనిపిస్తుంది. పైగా నోటి మాట ఒకసారే వినబడుతుంది. మెసేజ్‌ని రాత్రి పడుకునే ముందు మళ్ళీ తెరిచి చూస్తాం, చూసిన ప్రతిసారీ అది కొత్తగా గుచ్చుకుంటుంది. ఫొటో అంటేనే మీకు టెన్షన్‌గా ఉండడం దీనివల్లే. బరువు విషయంలో "అంటేనైనా తగ్గుతుంది" అనేవాళ్ళూ ఉంటారు. జరిగేది తరచుగా వేరు. వెక్కిరింపులు పడ్డవాళ్ళలో చాలామంది నలుగురి ముందు నడకకు వెళ్ళడానికి సిగ్గుపడతారు, దిగులుతో ఇంకాస్త ఎక్కువ తింటారు.

ఇప్పుడు చేయాల్సింది. గ్రూపులో జవాబివ్వకండి, అక్కడ అది పంచాయితీ అవుతుంది. మెసేజ్‌లను స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. పంపినవారు దాదాపు రెండు రోజుల వరకు వాటిని అందరికీ కనబడకుండా తీసేయొచ్చు, పావుగంటలోపు మార్చనూవచ్చు. ఆ తర్వాత మాట్లాడాల్సింది మీవారు, ఆవిడ ఆయనకు అక్క కాబట్టి. ఆయన ఇప్పుడే ముందుకు రాకపోతే మీరే విడిగా రాయండి: "వదినా, నా రంగు గురించి, పాప రంగు గురించి గ్రూపులో రాయొద్దు. నాకు బాధగా ఉంది." అంతే. కారణాలు, క్షమాపణలు కలపకండి. కలిపితే మాట వాటి మీదికి పోతుంది. "అయ్యో, అలా అనుకోలేదమ్మా" అని ఆవిడ ఆపేస్తే, ఆలోచించకుండా అన్నారనుకుని వదిలేయండి. "నీకు జోకులు కూడా పడవా" అని ఆ సంగతి గ్రూపులోకి తెచ్చి మళ్ళీ నవ్వితే, ఉద్దేశం ఏమిటో ఆవిడే చెప్పినట్టు. అప్పుడు గ్రూపు నుంచి బయటకు రావడానికి వెనకాడకండి. మీరు వెళ్ళినట్టు అడ్మిన్లకు మాత్రమే నోటిఫికేషన్ వస్తుంది.

చట్టం గురించి మీరు అడగలేదు, అయినా హద్దు తెలిసి ఉండాలి. 2005 గృహహింస చట్టం అవమానించడాన్ని, ఎగతాళిని, పేర్లు పెట్టి పిలవడాన్ని మాటలతో చేసే హింస కింద లెక్కిస్తుంది. 2024లో కేరళ హైకోర్టు ఒక కోడలి ఒంటి తీరును ఎగతాళి చేసిందన్న ఆరోపణ మీద తోడికోడలిపై నడుస్తున్న కేసును కొట్టేయడానికి ఒప్పుకోలేదు. 2025లో బొంబాయి హైకోర్టు మాత్రం, భార్య నలుపని దెప్పడం ఒక్కటే క్రిమినల్ చట్టం చెప్పే క్రూరత్వం కాదంది. కాబట్టి రెండు మెసేజ్‌లతో స్టేషన్‌కి వెళ్ళమని నేను చెప్పను. మాటలు ఆగకుండా, వాటికి కట్నం గొడవో, బెదిరింపో, చేయిచేసుకోవడమో తోడైతే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. నిద్ర, తిండి దెబ్బతిని వారాల తరబడి దిగులు తగ్గకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

మీవారికి ఈ జవాబు చూపించండి. మీ అప్ప ప్రస్తావన తెచ్చింది ఆయనే కాబట్టి, ఒక పరీక్ష కూడా ఆయన చేతిలోనే పెట్టండి. ఇద్దరితోనూ "ఇక ఆ మాట వద్దు" అని చెప్పి చూద్దామనండి. మీ అప్పతో మీరు చెప్పండి, వాళ్ళక్కతో ఆయన చెప్పాలి. ఎవరు ఆపారో, ఎవరు ఆపలేదో నెల తర్వాత ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.