ఆ పేరు వాడే పెట్టుకోవాలి

అమ్మాయ్,

నీ కథ రెండుసార్లు చదివాను. వైజాగ్ స్టేషన్లో నాన్న కోసం కాచుకున్న తొమ్మిదేళ్ల పిల్లాడు, రాని బండి, వాడి కోపం. మూడో పేజీలోనే అమ్మమ్మ చేత "నీకు కోపం వచ్చింది నాయనా" అనిపించేశావు. కథ అక్కడే చప్పబడిపోయింది. వాడి మనసులో ఉన్నదానికి పేరు పెద్దవాళ్లు పెట్టేస్తే పిల్లాడికి చెయ్యడానికి పనేం మిగిలింది?

వాడు ముందు వాళ్లిచ్చిన పేర్లు కాదనాలి. మనకి కోపానికి మాటలు బోలెడు. అలక మనవాళ్ల మీదే వస్తుంది, బతిమాలతారన్న ధీమాతో. చిరాకు ఉక్కపోతకీ వస్తుంది. ఉక్రోషం వేరు. ఏమీ చెయ్యలేనప్పుడు కోపమూ ఏడుపూ కలిసి గొంతుకి అడ్డం పడేది అది. నీ పిల్లాడిది అదే. నీకూ తెలుసు, కానీ కథంతా 'కోపం' ఒక్కటే రాశావు.

అనౌన్స్‌మెంట్లని మెట్లుగా వాడుకో. నలభై నిమిషాలు ఆలస్యం అనగానే అమ్మమ్మ "అలిగేవేట్రా?" అంటుంది. "నేదు." గంటన్నర అన్నాక "ఆకలేస్తందేటి?" అని బిస్కట్ పాకెట్ ఇస్తుంది. వాడు తినడు, తొయ్యడు, పాకెట్ లోపల బిస్కట్లు పొడైపోయేదాకా నొక్కుతాడు. ఆలస్యం ఎంత పెరిగినా అసౌకర్యానికి చింతించే ఆ గొంతులో మాత్రం తేడా ఉండదు. అది వాణ్ని మండించాలి.

ఇంకోటి, మన స్టేషన్ నీకిచ్చిన దాన్ని వదిలేశావు. దువ్వాడ వైపు నుంచి వచ్చిన హౌరా బండికి ఇక్కడ ఇంజన్ ఈ చివర తీసి ఆ చివర తగిలిస్తారు. బండి వచ్చిన వైపే బయల్దేరుతుంది. మనకి అలవాటైపోయి చూడం గానీ, మొదటిసారి చూసిన పిల్లాడికి అది వెనక్కి వెళ్లిపోవడమే. పక్క ప్లాట్‌ఫారం మీద అలాంటి బండి కదిలినప్పుడు నీవాడు లేచి నిలబడాలి. నాన్న బండీ ఇలాగే వెళ్లిపోతుందేమో. వాడి కోపం కింద ఉన్న భయం అప్పుడు మనకి కనబడుతుంది. నువ్వు చెప్పక్కర్లేదు.

మరి ఉక్రోషం అన్న మాట వాడికెక్కడిది? మొదటి పేజీలో నాటు. రిక్షా దిగుతూ అమ్మమ్మ పక్కింటి కుర్రాడి గురించి ఎవరితోనో అనాలి: "ఆడికి ఉక్రోషం పాపం, కొట్టలేడు, ఊరుకోలేడు." పిల్లాడు అప్పుడు విననట్టే ఉంటాడు. బండి వెనక్కి కదిలాక, అమ్మమ్మ ఏమీ అడగకుండానే, పొడైపోయిన బిస్కట్ల వంక చూస్తూ "నాకు ఉక్రోషం" అంటాడు. ఆవిడ సంచీ సర్దుకుంటూ "ఊఁ" అంటుంది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ పెట్టకు.

నాన్న దిగడం, వాడు పరిగెత్తి వాటేసుకోవడం, ఆ పేజీన్నర కొట్టేసి పంపు.

మీ మాస్టారు